వేడి చేసిందిలే అనుకోకండి

మాది ఉంగుటూరు. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్ళే దారిలో ఉంటుంది. హైవే దాటి నిడమర్రు వైపు దిగితే ఇక చేలూ, చేపల చెరువులూ, ఆ పైన కొల్లేరు. మా వైపు ఒంట్లో ఏ తేడా వచ్చినా ముందు వచ్చే మాట ఒకటే, "వేడి చేసింది" అని. కళ్ళు మండితే వేడి, నోరు పూస్తే వేడి, అరికాళ్ళు మండితే మరీ వేడి. సబ్జా గింజలు నానబెట్టి తాగమంటారు, పలచటి మజ్జిగ తాగమంటారు. ఎండాకాలం నేనూ తాగుతాను, తప్పేం లేదు. అయితే కేన్సర్‌కి మందు వాడుతున్న మనిషి అరిచేతులు, అరికాళ్ళు మండుతున్నాయని అన్నప్పుడు మాత్రం ఆ మాటతో సరిపెట్టకూడదు. కీమో వార్డులో నర్సుగా పనిచేసిన ఏళ్ళలో ఈ ఒక్క మాట వల్ల పాడైన చేతులు చాలానే చూశాను.

ఇవాళ ఒక ఆవిడ సంగతి చెబుతాను. నేను చూసిన నలుగురైదుగురిని కలిపి ఒక మనిషిగా చెబుతున్నాను కాబట్టి ఎవరా అని ఊళ్ళో వెతక్కండి. వయసు 52. పెద్దపేగులో కేన్సర్ గడ్డకి ఆపరేషన్ అయింది. తర్వాత జబ్బు తిరగబెట్టకుండా కేపెసిటబిన్ అనే మాత్రలు రాశారు. సెలైన్ పెట్టి ఎక్కించే మందు కాదు, ఇంట్లో మింగేదే. 500 మిల్లీగ్రాముల మాత్రలు పొద్దున మూడు, రాత్రి మూడు, అన్నం తిన్న అరగంటలోపు నీళ్ళతో వేసుకోవాలి. 14 రోజులు వాడాలి, 7 రోజులు మానాలి. ఆ మూడు వారాలు కలిపి ఒక సైకిల్. మాత్రే కదా, కీమో అంటే జుట్టు రాలేది కదా, ఇదేం చేస్తుందిలే అని ఆవిడకే కాదు, ఇంటిల్లిపాదికీ ధీమా. మందు ఇంట్లో మింగేదైతే చెడును కనిపెట్టాల్సిన బాధ్యత కూడా ఇంటిమీదే పడుతుందన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

మొదటి సైకిల్ బాగానే గడిచింది. రెండో సైకిల్లో తొమ్మిదో రోజున బియ్యం కడుగుతుంటే వేళ్ళ చివర్లు జివ్వుమన్నాయి. పదకొండో రోజున చింతపండు పిసికితే చురుక్కుమంది. అరచెయ్యి చూసుకుంటే గీతల వెంబడి నల్లగా కనబడింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుతాను. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని అరచేతి ఎర్రదనం అని రాస్తారు. తెల్లతోలు మీద ఎర్రదనం బాగా తెలుస్తుంది. చామనఛాయ, నలుపు చేతుల మీద అంత తేలిగ్గా కనబడదు. మనవాళ్ళలో చాలామందికి ముందు గీతలూ, కణుపులూ నల్లబడతాయి, తోలు ఉబ్బి నున్నగా మెరుస్తుంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంటుంది. ఎర్రగా అవలేదు కాబట్టి ఇది అది కాదు అనుకుంటే పొరపాటే.

పదమూడో రోజున ఆవిడ అన్నం కలుపుకోలేక చెంచా అడిగింది. వేడన్నంలో పప్పు పోసుకుని చేత్తో కలుపుకుంటే తప్ప తిన్నట్టుండదనే మనిషి. కోడలు చెంచా ఇచ్చింది. "ఒంట్లో వేడి పెరిగిందత్తయ్యా, మందు వేడి కదా" అంది. మాత్రలు ఇంకా ఒక్కరోజువే మిగిలాయి, పూర్తి చేసేద్దాం అనుకున్నారు. చేశారు కూడా.

నన్నడిగితే ఫోన్ చేయాల్సింది ఆ చెంచా అడిగిన రోజునే. అంతకుముందు నాలుగు రోజులూ వచ్చిన జివ్వుమనడం, చురుక్కుమనడం మొదటి మెట్టు. ఆ మెట్టులో నొప్పి ఉండదు, రోజువారీ పనులు ఆగవు. అదీ చెప్పాలి, రాసిపెట్టుకోవాలి, కానీ కంగారు పడనక్కరలేదు. నొప్పి మొదలై, చేసే పనికి అడ్డం వచ్చిందంటే అది రెండో మెట్టు. జాకెట్ హుక్కు పెట్టుకోలేకపోవడం, సీసా మూత తిప్పలేకపోవడం, చెప్పులు లేకుండా బాత్రూం దాకా కూడా నడవలేక పాదాల పక్కల మీద అడుగులు వేయడం, ఇవన్నీ రెండో మెట్టు గుర్తులు. బొబ్బలు లేచి, తోలు ఊడి, కింద తడి కనబడి, మనిషి ఏ పనీ చేసుకోలేకపోతే మూడో మెట్టు. డాక్టర్లు వీటినే గ్రేడ్ 1, గ్రేడ్ 2, గ్రేడ్ 3 అంటారు. వాళ్ళ లెక్కలో పుండు సైజు కంటే మీ పని ఎంత ఆగిందన్నదే ముఖ్యం. అందుకే "మండుతోందండి" అని ఊరుకోకుండా, "అన్నం కలుపుకోలేకపోతున్నానండి" అని చెప్పండి. ఆ ఒక్క ముక్కతో అవతలివాళ్ళకి మెట్టు తెలిసిపోతుంది.

ఇంతకీ అరిచేతులూ అరికాళ్ళనే ఎందుకు పట్టుకుంటుందంటే, ఒకటి కాదు, రెండు మూడు కారణాలు కలుస్తాయి. కేపెసిటబిన్ ఒంట్లోకి వెళ్ళాక ఫ్లోరోయురాసిల్ అనే అసలు మందుగా మారుతుంది. అలా మార్చే ఎంజైము కేన్సర్ గడ్డలో ఎక్కువ ఉంటుంది. ఆ మాత్రని తయారు చేసిన కిటుకే అది. అయితే అదే ఎంజైము వీపు తోలుతో పోలిస్తే అరిచేతి తోలులోనూ ఎక్కువే. పైగా అరిచేతి తోలు గబగబా పుట్టి గబగబా అరిగే తోలు. గబగబా పుట్టే కణాలనే కదా ఈ మందు పట్టుకునేది. ఆ పైన ఒత్తిడీ, రాపిడీ, వేడీ. కొడవలి పట్టినా, బట్టలు పిండినా, చేటతో చెరిగినా, చెరువు గట్టు మీద మేత బస్తా ఎత్తినా, ఎండలో సిమెంటు గచ్చు మీద చెప్పుల్లేకుండా తిరిగినా, ఒత్తిడి పడేది ఆ చోట్లనే. ఫ్లోరోయురాసిల్‌ని రోజుల తరబడి సన్నగా ఎక్కించుకునే రోగుల్లో ఈ తీరుని 1984లో అమెరికా డాక్టర్లు వివరంగా రాశారు. ఆ మందుని మాత్రగా ఇవ్వడమంటే రోజుల తరబడి సన్నగా ఎక్కించడం లాంటిదే. కేపెసిటబిన్ మీద జరిగిన తొలి పెద్ద పరీక్షల్లో సగం మందికి పైగా ఏదో ఒక మెట్టులో ఇది వచ్చింది. అంటే ఇది అరుదైన పీడేమీ కాదు, మీ తప్పూ కాదు.

ఆవిడ దగ్గరికి వద్దాం. మందు లేని వారంలో మంట తగ్గింది. అరిచేతి తోలు పొరలు పొరలుగా, ఉల్లిపొర లేచినట్టు లేచింది. ఆషాఢం కావడంతో మనవరాలితో పాటు తనూ గోరింటాకు పెట్టుకుంది, చల్లగా ఉంటుందని. మూడో సైకిల్ ఇవ్వాల్సిన రోజున ఆస్పత్రికి వెళ్తే డాక్టరుగారు చేతులు చూపించమన్నారు. ఎర్రగా పండిన అరిచేతులు చూపించింది. ఆ ఎరుపు కింద ఏముందో ఎవరు చూడగలరు? "ఇబ్బందేమైనా ఉందా అమ్మా?" అని అడిగితే "ఏం లేదండి, బాగానే ఉన్నాను" అంది.

ఎందుకలా అన్నావమ్మా అని తర్వాత అడిగాను. "చెబితే మందు తగ్గించేస్తారేమోనండి. తగ్గిస్తే జబ్బు తిరగబెట్టదా?" అంది. ఈ భయం ఆవిడ ఒక్కదానిదే కాదు. చదువుకున్నవాళ్ళూ ఇదే అంటారు. అందుకే అసలు లెక్క ఎలా ఉంటుందో వివరంగా చెబుతాను, ఇవాళ నేను వచ్చింది ముఖ్యంగా ఈ మాట చెప్పడానికే.

నొప్పి మొదటిసారి రెండో మెట్టుకి వచ్చినప్పుడు మాత్రలు ఆపిస్తారు. చేతులు మొదటి మెట్టుకి దిగేదాకా ఆగి, మళ్ళీ అదే మోతాదుతో మొదలుపెట్టిస్తారు. పూర్తి మోతాదు, ఒక్క మాత్ర తగ్గదు. రెండోసారి అదే మెట్టుకి వస్తే అప్పుడు ముప్పావు వంతుకి దించుతారు. అదే మొదటిసారే మూడో మెట్టు దాకా వెళ్ళిపోతే, తగ్గాక మొదలుపెట్టేదే ముప్పావు వంతుతో. ఇంకోసారి అదే మెట్టుకి వెళితే సగానికి. ఆ పైన మందే మానేయాల్సి రావచ్చు. ఇది కంపెనీ కాగితంలో ఉన్న పద్ధతి. మీ డాక్టరుగారు మీ జబ్బుని బట్టి కొంచెం అటూ ఇటూ చేస్తారు, కానీ దిశ మాత్రం ఇదే. ముందే చెప్పినవాళ్ళకి మందు నిలుస్తుంది, దాచినవాళ్ళకే తగ్గుతుంది. ఆవిడ భయం సరిగ్గా తిరగబడి ఉంది చూడండి.

చేతులు మండితే మందు బాగా పనిచేస్తున్నట్టే అని ఎవరో చెప్పారని ఓర్చుకునేవాళ్ళూ ఉన్నారు. ఈ ఇబ్బంది వచ్చినవాళ్ళలో ఫలితాలు కాస్త మెరుగ్గా ఉన్నట్టు కొన్ని అధ్యయనాల్లో కనబడిన మాట నిజమే. ఆ అధ్యయనాల్లో ఉన్నవాళ్ళకి కూడా నొప్పి వస్తే మందు ఆపారు, మోతాదు తగ్గించారు. ఓర్చుకున్నందుకు ఎవరికీ అదనపు మేలు జరిగినట్టు తేలలేదు.

మూడో సైకిల్ ఆరో రోజున ఆవిడ కుడికాలి మడమ మీదా, బొటనవేలి మొదట్లోనూ బొబ్బలు లేచాయి. ఎడమకాలికీ అదే చోట. రెండు పక్కలా ఒకేలా రావడం దీని లక్షణం. ఒక్క కాలే వాచి, పిక్క పట్టేసి నొప్పిగా ఉంటే అది ఇది కాకపోవచ్చు, రక్తనాళంలో గడ్డ కట్టిందేమో చూడాలి, దానికి ఆ రోజే వెళ్ళాలి. ఈవిడకి రెండు కాళ్ళూ, రెండు చేతులూ. అప్పటికి కొడుకు ఫోన్ చేశాడు. ఆ మాటలు ఇలా సాగాయి.

"సిస్టరుగారూ, అమ్మ నడవలేకపోతోందండి."

"ఏ మందు బాబూ? ఎన్నో రోజు?"

"కేపెసిటబిన్ అండి. పొద్దున మూడు, రాత్రి మూడు. మూడో సైకిల్, ఇవాళ ఆరో రోజు."

"బొబ్బలున్నాయా? నీరు కారుతోందా? జ్వరముందా? విరేచనాలు ఎన్ని? నోట్లో పుళ్ళు?"

"బొబ్బలు నాలుగున్నాయండి. జ్వరం లేదు. విరేచనాలు మామూలే."

"రాత్రి మాత్రలు వేయకు. చేతులూ కాళ్ళూ కడిగి, ఏమీ రాయకుండా, వెలుతురులో ఫోటో తీసి పంపు. డాక్టరుగారికి చూపించి ఇప్పుడే ఫోన్ చేస్తాను. రేపు పొద్దున్నే తీసుకురా."

ఆ కుర్రాడు మందు పేరూ, రోజూ, మాత్రల లెక్కా తడుముకోకుండా చెప్పాడు. దాంతో సగం పని అయిపోయింది. చాలామంది "తెల్లమాత్రండి, పెద్దది" అంటారు. గోడ కేలండర్ మీద మొదటి మాత్ర వేసుకున్న రోజున ఒకటి అని రాసి, అక్కణ్ణుంచి లెక్కపెట్టుకుంటే చాలు. అదే కేలండర్ మీద ఆస్పత్రి నంబరూ రాసిపెట్టుకోండి. ఎంత ప్రయత్నించినా ఆ రాత్రి ఫోన్ అందకపోతే, నొప్పి పెడుతున్నంతవరకూ ఆ పూట మాత్ర వేసుకోకండి, పొద్దున్నే మాట్లాడండి. మందు కాగితం మీద కూడా అలాగే ఉంటుంది. మానేసిన పూట మాత్రలు తర్వాత కలిపి వేసుకోకూడదు, చివర్లో రోజులు పెంచుకోనూ కూడదు. అలాగని మీ అంతట మీరే ఆపేసి, తర్వాతి తేదీ దాకా ఇంట్లో కూర్చోవడమూ కుదరదు.

ఫోన్‌తో సరిపెట్టకుండా తక్షణం బయలుదేరాల్సినవి ఉన్నాయి. జ్వరం 100.4 దాటితే ఆగకూడదు. కీమోలో తెల్లకణాలు పడిపోయి ఉండవచ్చు, ఊడిన తోలులోంచి సూక్ష్మక్రిములు లోపలికి దిగుతాయి. పుండు చీము పట్టినా, ఎర్రదనం పైకి పాకినా అంతే. రోజూ అయ్యేదానికంటే నాలుగుసార్లు ఎక్కువ విరేచనాలు, నోటిపూతతో నీళ్ళు కూడా దిగకపోవడం కూడా అలాంటివే. మొదటి సైకిల్లోనే, మొదటి కొద్ది రోజుల్లోనే ఇవన్నీ ఒక్కసారి మీద పడితే మరీ ప్రమాదం. ఈ మందుని విరిచి బయటికి పంపే ఎంజైము కొందరికి పుట్టుకతోనే తక్కువ. వాళ్ళకి మామూలు మోతాదే విషమవుతుంది.

ఆవిడకి మందు ఆపి రెండు వారాలు ఆగారు. బొబ్బలు చిదపకుండా శుభ్రంగా కప్పారు, నొప్పికి మందిచ్చారు. ఊడని చోట యూరియా కలిసిన క్రీము రాయమన్నారు, 10 శాతం యూరియా ఉండేది. అది తోలుని మెత్తబరుస్తుంది, పగిలిన చోట రాస్తే మాత్రం భగ్గుమంటుంది. రాయడమంటే అద్దడం, రుద్దడం కాదు. వేడినీళ్ళలో ఉప్పేసి కాళ్ళు పెట్టుకునే అలవాటు మాన్పించారు, గోరువెచ్చని నీళ్ళతో గానీ మామూలు చల్లటి నీళ్ళతో గానీ కడుక్కోమన్నారు. మెట్టెలు తీయించారు. తీయనని కాసేపు పేచీ పెట్టింది పాపం. వేలు వాస్తే కత్తిరించి తీయాల్సి వస్తుందని చెప్పాక ఒప్పుకుంది. వేళ్ళ సందున రాసుకునే రబ్బరు చెప్పులకి బదులు వెడల్పాటి మెత్తటి చెప్పులు, ఇంట్లో కూడా నూలు మేజోళ్ళు. గోరింటాకు మందు కోర్సు అయ్యేదాకా వద్దన్నారు. గోరింటాకు మీద నాకు కోపమేం లేదు, కానీ అది మేం చూడాల్సినదాన్ని కప్పేస్తుంది. బజారు కోన్లలో కలిపే రసాయనాల సంగతి సరేసరి.

చల్లదనం ఈ మంటకి హాయినిస్తుంది. తడిగుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టుకోవచ్చు. అయితే ఒక్క మెలిక ఉంది. పెద్దపేగు కేన్సర్‌కి ఈ మాత్రలతో పాటు ఆక్సాలిప్లాటిన్ అనే సెలైన్ మందు కూడా చాలామందికి ఇస్తారు. అది ఎక్కించుకున్నవాళ్ళకి చల్లటి వస్తువు తాకితే వేళ్ళు కరెంటు షాకు కొట్టినట్టు లాగుతాయి. చేపల ప్యాకింగులో ఐసు తవ్వే మనిషికైతే ఇంకా నరకం. అది నరాల తంటా, ఇది తోలు తంటా, దారులు వేరు. ఆ మందు తీసుకుంటున్నవాళ్ళు ఐసు జోలికి వెళ్ళకుండా ముందు అడగాలి.

మన దగ్గర బాగా జరిగే పొరపాటు ఇంకొకటి చెప్పాలి. చేతులు మండుతున్నాయంటే మెడికల్ షాపులో "నరాల బలహీనత, బలానికి వాడండి" అని బీకాంప్లెక్స్ గొట్టాలు చేతిలో పెడతారు. వాటిలో చాలావాటిలో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ కేపెసిటబిన్ కోరలకి పదును పెడుతుంది, మంట తగ్గించాల్సింది పోయి పెంచుతుంది. బీ6 ఒక్కటే ఇస్తే పనిచేస్తుందేమో అని కొరియాలో, సింగపూర్‌లో ఉత్తుత్తి మాత్రలతో పోల్చి పరీక్షించారు. రాకుండా ఆపలేకపోయింది. కాబట్టి బలానికి ఏదైనా సరే, కేన్సర్ డాక్టరుగారిని అడగకుండా వేసుకోకండి.

పనిచేసినట్టు తేలింది మన దేశంలోనే, ఢిల్లీ ఎయిమ్స్‌లో. 264 మంది రొమ్ము, జీర్ణవ్యవస్థ కేన్సర్ రోగుల్ని తీసుకున్నారు. సగం మందికి 1 శాతం డైక్లోఫెనాక్ జెల్, సగం మందికి మందు లేని జెల్. రోజుకి రెండుసార్లు, చేతులకి రెండువైపులా, 12 వారాలు రాయించారు. రెండో మెట్టు, మూడో మెట్టు మంట మందు లేని జెల్ వాళ్ళలో 15 శాతానికి వస్తే, డైక్లోఫెనాక్ రాసుకున్నవాళ్ళలో 3.8 శాతానికే వచ్చింది. 2024లో అచ్చయింది. మోకాళ్ళ నొప్పులకి వాడే చవక మందే. కానీ ఇది మంట మొదలుకాక ముందు, పగలని తోలు మీద రాసేది, బొబ్బల మీద కాదు. పైగా షాపులో నొప్పుల జెల్ అని అడిగితే పుదీనా పువ్వు, వింటర్‌గ్రీన్ నూనె, ఒక్కోసారి మిరప ఘాటు కూడా కలిసింది ఇస్తారు. మండే చేతికి అది రాస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? అందుకే మొదటి మాత్ర వేసుకోకముందే, ఈ జెల్ నాకు పనికొస్తుందా అని డాక్టరుగారిని అడగండి. మూత్రపిండాల జబ్బున్నవాళ్ళు, ఆస్పిరిన్ పడనివాళ్ళు ఆ సంగతి కూడా చెప్పండి.

ఆవిడకి రెండు వారాల తర్వాత మందు మొదలుపెట్టారు, ముప్పావు వంతు లెక్కన. 500వి రెండు, 150ది చిన్నది ఒకటి, పొద్దునా రాత్రీ. నాలుగో సైకిల్ పదో రోజున ఆవిడే ఫోన్ చేసింది. "అమ్మా, వేళ్ళు జివ్వుమంటున్నాయి. చెంచా అడగలేదింకా" అంది. మొదటి మెట్టే. క్రీము ఎక్కువసార్లు రాయమన్నాం, బట్టలు ఉతకడం కోడలికి అప్పజెప్పమన్నాం, రెండురోజులకోసారి మాట్లాడుకున్నాం. ఆ సైకిల్ మధ్యలో ఆపకుండానే పూర్తయింది.

ఒకటే చిక్కు మిగిలింది. రేషన్ డిపోలో మిషను మీద వేలు పెడితే ముద్ర పడటం లేదు. తోలు పొరలూడి గీతలు అరిగిపోయాయి. ఇది మన ఊరి మిషను తప్పేం కాదు. 2008 డిసెంబరులో ఇదే మందు వాడుతున్న 62 ఏళ్ళ సింగపూర్ ఆయన్ని అమెరికా విమానాశ్రయంలో వేలిముద్రలు లేవని నాలుగు గంటలు కూర్చోబెట్టారు. ఆయన డాక్టరు ఆ సంగతి వైద్య పత్రికకి రాశారు. అప్పటినుంచి ఈ మందు వాడేవాళ్ళు ప్రయాణాల్లో డాక్టరు చీటీ దగ్గరుంచుకోవడం మంచిదని చెబుతున్నారు. మన ఆవిడ కనుపాప చూపించి బియ్యం తెచ్చుకునేది. మాత్రలు అయిపోయిన కొన్ని వారాలకి ఓ రోజు అలవాటు మీద వేలే పెట్టింది. డీలరు మిషను వంక చూసి, "పడిందమ్మా" అన్నాడు.